చతురస్రపు బల్ల చుట్టూ ఎనిమిది మంది: కార్నర్ వాక్యం ఎక్కడుందో ముందు వెతకండి

(బ్యాంకు పరీక్షలకు చదువుతున్న వాళ్ల కోసం జరిగిన రీజనింగ్ క్లాసు రికార్డింగ్ నుంచి టైప్ చేసినది. ఆ రోజు రాలేకపోయిన వాళ్లు బోర్డు మీది బొమ్మలను కాగితం మీద వేసుకుంటూ చదవండి.)

అందరూ సర్దుకున్నారా? వెనకాల వాళ్లకి బోర్డు కనబడుతోందా? కనబడకపోతే ముందుకి వచ్చేయండి, ఇవాళంతా బొమ్మల మీదే పని.

ఇవాళ ఒకే ఒక్క మోడల్ చేద్దాం. స్క్వేర్ టేబుల్. నాలుగు మూలల్లో నలుగురు, నాలుగు వైపులా మధ్యలో నలుగురు, మొత్తం ఎనిమిది మంది. మూలల్లో ఉన్నవాళ్లు టేబుల్ సెంటర్ వైపు చూస్తారు, మధ్యల్లో ఉన్నవాళ్లు బయటికి చూస్తారు. బ్యాంకు పరీక్షల్లో ఎక్కువగా ఇలాగే ఇస్తారు, ఒక్కోసారి దీన్ని తిప్పి, మూలల వాళ్లు బయటికి, మధ్య వాళ్లు లోపలికి అని కూడా ఇస్తారు. అందుకే మొదటి రెండు లైన్లు చదవకుండా బొమ్మ వేయకండి. పోయిన సెట్‌లో ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉంటుందనుకుని దూకేసేవాళ్లు చాలా మంది ఉంటారు, ఐదు ప్రశ్నలూ అక్కడే పోతాయి.

ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో రీజనింగ్‌కి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అందులో ఇలాంటి సెట్ ఒకటి వస్తే దాని కింద సాధారణంగా ఐదు ప్రశ్నలుంటాయి. ఒక సెట్‌కి మీరు ఎంత టైమ్ ఇవ్వగలరు? నాలుగు నిమిషాలు దాటితే మిగతావి పోతాయి. ఆ నాలుగు నిమిషాల్లో చాలా మంది చేసే పనేంటంటే రెండు బొమ్మలు వేసుకుని, రెండింట్లోనూ పేర్లు నింపుకుంటూ, చివరి వాక్యం దాకా రెండింటినీ మోస్తూ ఉంటారు. రెండు బొమ్మలు అవసరం లేదని ఇవాళ చూపిస్తాను. ఎందుకు అవసరం లేదో కూడా చూపిస్తాను, ఎందుకంటే కారణం తెలియకపోతే పరీక్ష హాల్లో మళ్లీ రెండు బొమ్మలే వేస్తారు.

ముందు సీట్లకి నంబర్లు వేద్దాం. పై వరుసలో ఎడమ మూల 1. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్లండి.

1   2   3
8   □   4
7   6   5

బేసి నంబర్లు 1, 3, 5, 7 కార్నర్లు. సరి నంబర్లు 2, 4, 6, 8 మిడిల్ సీట్లు. చూశారా, ఒక కార్నర్, ఒక మిడిల్, ఒక కార్నర్, ఒక మిడిల్. ఎక్కడా రెండు కార్నర్లు పక్కపక్కన లేవు. ఇది గుర్తుంచుకోండి, మొత్తం దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఎడమ, కుడి. దీన్ని బట్టీ పట్టొద్దు. కాగితం మీ ముందు పెట్టుకున్నారా? మీరు ఆ టేబుల్ కింది వైపు, 6 దగ్గర కూర్చున్నారనుకోండి. టేబుల్ సెంటర్ వైపు చూస్తున్నారు. మీ ఎడమ చెయ్యి ఎటుంది? 7 వైపు. అంటే లోపలికి చూసేవాళ్లకి ఎడమ వైపు వెళ్తే నంబర్ పెరుగుతుంది, కుడి వైపు వెళ్తే తగ్గుతుంది. అదే కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చోండి. ఇప్పుడు ఎడమ చెయ్యి 5 వైపు పోయింది. బయటికి చూసేవాళ్లకి ఎడమ వైపు వెళ్తే నంబర్ తగ్గుతుంది, కుడికి పెరుగుతుంది. 8 దాటితే 8 తీసేయండి, 1 కంటే తగ్గితే 8 కలపండి. అంతే లెక్క.

కాబట్టి మన మోడల్‌లో కార్నర్ వాళ్ల ఎడమ అంటే ప్లస్, మిడిల్ వాళ్ల ఎడమ అంటే మైనస్. బొమ్మ మీద కార్నర్ల దగ్గర లోపలికి బాణం గుర్తు, మిడిల్స్ దగ్గర బయటికి బాణం గుర్తు వేసుకోండి. పేర్లు రాయకముందే వేసుకోండి, తర్వాత వేద్దామంటే తర్వాత వేయరు.

ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. బోర్డు మీద రాస్తున్నాను, మీరూ రాసుకోండి. ఎనిమిది మంది: కమల, గిరి, చందు, జయ, తార, నాని, పద్మ, మధు. మొదటి అక్షరాలన్నీ వేరు వేరుగా ఉన్నాయి కాబట్టి బొమ్మలో ఒక్క అక్షరం రాస్తే చాలు.

ఒకటి: కమలకు ఎడమవైపు మూడో స్థానంలో గిరి ఉన్నాడు.
రెండు: గిరి పక్కన తార ఉంది. తారకు కుడివైపు రెండో స్థానంలో పద్మ ఉంది.
మూడు: గిరికి సరిగ్గా ఎదురుగా జయ ఉంది.
నాలుగు: జయకు కుడివైపు రెండో స్థానంలో నాని ఉన్నాడు.
ఐదు: మధుకు ఎడమవైపు మూడో స్థానంలో నాని ఉన్నాడు.
ఆరు: చందు టేబుల్ బయటికి చూస్తున్నాడు.

ఆరో వాక్యం చూసి ఏమనిపించింది? అందులో ఏముంది, ఊరికే ఇచ్చాడు అనిపించిందా? దాని సంగతి తర్వాత చూద్దాం.

మొదటి వాక్యం. కమల ఎక్కడుంది? తెలీదు. కార్నరో మిడిలో కూడా తెలీదు. ఇక్కడే మన వాళ్లు రెండు బొమ్మలు మొదలుపెడతారు. మీరు మాత్రం కమలను 1లో, కార్నర్‌లో పెట్టేయండి. 1లోనే ఎందుకు, 3లో ఎందుకు కాదు అంటారా? టేబుల్‌ని తిప్పితే 1, 3, 5, 7 అన్నీ ఒకటే, కాబట్టి కార్నర్ అనుకున్నాక ఏ కార్నరైనా పర్లేదు. కార్నరా కాదా అన్నది మాత్రం ప్రస్తుతానికి అనుకోవడమే. బొమ్మ పక్కన చిన్నగా 'క కార్నర్ అనుకున్నాం' అని రాసుకోండి.

కమల కార్నర్, లోపలికి చూస్తోంది, ఎడమ అంటే ప్లస్. 1కి 3 కలిపితే 4. గిరి 4లో. 'కు' ఎవరి పేరు చివర ఉందో చూడండి, కమలకు. కాబట్టి కమల ఎడమ. గిరి ఎడమ కాదు.

ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం. గిరి 4లో ఉన్నాడు, అంటే మిడిల్. కమల కార్నర్, గిరి మిడిల్. ఇది ఊరికే అలా వచ్చిందా? కాదు. ఒక సీటు జరిగితే రకం మారుతుంది, రెండు జరిగితే మళ్లీ అదే రకం, మూడు జరిగితే మారుతుంది, నాలుగు జరిగితే అదే రకం. మూడో స్థానం, పక్క స్థానం అంటే రకం మారాలి. రెండో స్థానం, ఎదురు అంటే రకం అదే ఉండాలి. దీంతో ఏం పట్టుకోవచ్చంటే, సీట్లు లెక్కపెట్టడంలో వచ్చే తప్పు. కమలతో కలిపి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాళ్లుంటారు. అలా లెక్కపెడితే గిరి 3లో పడతాడు. కార్నర్‌కి మూడో స్థానం కార్నరే అయ్యిందేంటి అని వెంటనే అనుమానం రావాలి.

ఇంకోటి చూడండి. గిరి మిడిల్, బయటికి చూస్తున్నాడు, ఎడమ అంటే మైనస్. గిరికి ఎడమవైపు మూడో స్థానం ఏది? 4లోంచి 3 తీస్తే 1. కమల! కమలకు ఎడమవైపు మూడో స్థానం గిరి, గిరికి ఎడమవైపు మూడో స్థానం కమల. అర్థమైందా? ఒకరు లోపలికి, ఒకరు బయటికి చూస్తున్నారు కాబట్టి ఇద్దరికీ అదే వైపు. పక్క సీటుకీ అంతే, మూడో సీటుకీ అంతే. రెండో స్థానానికి మాత్రం అలా కాదు, ఇద్దరిదీ ఒకే రకం కాబట్టి ఒకరికి ఎడమైతే ఇంకొకరికి కుడి. మొదటి వాక్యం పెట్టగానే ఇలా ఒకసారి వెనక్కి చూసుకోండి. మిడిల్ వాళ్లు బయటికి చూస్తారన్న సంగతి మర్చిపోయి ఉంటే అక్కడే తెలిసిపోతుంది, మూడు వాక్యాలు అయ్యాక తెలిసే బదులు.

రెండో వాక్యం. గిరి 4లో ఉన్నాడు, తార పక్కన, అంటే 3 గానీ 5 గానీ. రెండూ కార్నర్లే. కార్నర్ కుడి అంటే మైనస్. తార 3లో ఉంటే పద్మ 1లో ఉండాలి, అక్కడ కమల ఉంది. కుదరదు. తార 5, పద్మ 3. చూశారా, ఇక్కడ రెండు అవకాశాలు వచ్చినా అదే వాక్యంలో ఒకటి పోయింది. ఇలాంటి చోట రెండో బొమ్మ వేయకూడదు, వాక్యం మొత్తం చదివాక వేయాలో వద్దో చూసుకోవాలి.

మూడు. గిరికి ఎదురుగా జయ. 4కి 4 కలిపితే 8. జయ 8లో, మిడిల్. ఎదురు అంటే అదే రకం, సరిపోయింది.

నాలుగు. ఇదే ప్రమాదం. జయ 8లో ఉంది, మిడిల్, బయటికి చూస్తోంది, కుడి అంటే ప్లస్. 8కి 2 కలిపితే 10, 8 తీస్తే 2. నాని 2లో. ఎవరికైనా 6 వచ్చిందా? చేతులు ఎత్తండి, పర్లేదు. ఆ, నలుగురైదుగురు ఉన్నారు. మీరు జయను లోపలికి చూస్తున్నట్టు తీసుకున్నారు. కమల, తార ఇద్దరూ కార్నర్ వాళ్లే అయ్యేసరికి అదే అలవాటుగా చెయ్యి అటు వెళ్లిపోయింది. ఈ తప్పుని రకం చూసి పట్టుకోలేరు. ఎందుకు? 2 కూడా మిడిలే, 6 కూడా మిడిలే. ఎడమ కుడి తారుమారైతే రకం మారదు. కాబట్టి ఇది ఇక్కడ దొరకదు. ఎక్కడ దొరుకుతుంది?

ఐదో వాక్యంలో దొరుకుతుంది. నాని 6లో ఉన్నాడనుకుని వెళ్లండి. మిగిలిన సీట్లు 2, 7. మధు 7లో ఉంటే, కార్నర్, ఎడమ ప్లస్, మూడో స్థానం 10 అంటే 2. నాని అక్కడ లేడు. మధు 2లో ఉంటే, మిడిల్, ఎడమ మైనస్, మైనస్ 1, అంటే 7. అక్కడా లేడు. అప్పుడు ఏం చేస్తారు? ఐదో వాక్యం తప్పేమో, మళ్లీ మళ్లీ అదే చదువుతారు. టెన్షన్ మొదలవుతుంది. తప్పు నాలుగో వాక్యంలో ఉంది, మీరు వెతికేది ఐదో వాక్యంలో. అందుకని వాక్యం కుదరనప్పుడు దాన్నే పట్టుకుని కూర్చోకండి. వెనక్కి వెళ్లి, మిడిల్ మనిషి నుంచి ఎడమ కుడి లెక్కపెట్టిన చోటు ఏదుందో చూడండి. ఎక్కువగా అక్కడే ఉంటుంది.

సరే, నాని 2లోనే. మిగిలినవి 6, 7. మధు 6లో ఉంటే, మిడిల్, ఎడమ మూడో స్థానం 3, అక్కడ పద్మ ఉంది, కుదరదు. మధు 7లో ఉంటే, 7కి 3 కలిపితే 10, అంటే 2. నాని. కుదిరింది. మధు 7, చందు 6.

క   న   ప
జ   □   గ
మ   చ   త

ఇప్పుడు ఆరో వాక్యం. చందు బయటికి చూస్తున్నాడు. 6 అంటే మిడిల్, బయటికే. సరిపోయింది. కమల కార్నర్ అని మనం అనుకున్నది నిజమే.

సరే, మొదట్లో కమలను మిడిల్‌లో పెట్టి ఉంటే ఏమయ్యేది? దీన్ని నేను చెప్పను, మీరే చేయండి. కమలను 2లో పెట్టండి. రెండు నిమిషాలు ఇస్తున్నాను, మొదటి ఐదు వాక్యాలే వాడండి, ఆరోది ముట్టుకోవద్దు.

అయ్యిందా? ఏమొచ్చింది చెప్పండి. కమల 2, ఎడమ మైనస్, గిరి 7. తార 6 లేదా 8. 8లో ఉంటే పద్మ 2లో పడుతుంది, కమల ఉంది. కాబట్టి తార 6, పద్మ 8. జయ 3. జయ ఇప్పుడు కార్నర్, కుడి మైనస్, నాని 1. మధు 4, చందు 5.

న   క   జ
ప   □   మ
గ   త   చ

ఎక్కడైనా ఇబ్బంది వచ్చిందా? రాలేదు. ఐదు వాక్యాలూ చక్కగా కుదిరాయి. ఇప్పుడు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి బొమ్మలో కమల నుంచి గడియారం వైపు వెళ్తే కమల, నాని, పద్మ, గిరి, తార, చందు, మధు, జయ. రెండో బొమ్మలో కమల నుంచి గడియారానికి ఎదురు వైపు వెళ్లండి. కమల, నాని, పద్మ, గిరి, తార, చందు, మధు, జయ. అదే వరుస! అద్దంలో చూసినట్టు తిరగబడింది, కార్నర్ వాళ్లు నలుగురూ మిడిల్‌కి వెళ్లారు, మిడిల్ వాళ్లు నలుగురూ కార్నర్‌కి వచ్చారు.

ఇది ఈ లెక్కకే ఇలా వచ్చిందనుకోకండి. ఈ మోడల్‌లో ప్రతి లెక్కకీ ఇలాగే వస్తుంది. ఎందుకో చూడండి. బొమ్మని అద్దంలో చూస్తే అందరి ఎడమలూ కుడులవుతాయి. అదే సమయంలో కార్నర్ మనిషి మిడిల్‌కి వెళ్తే అతని చూపు లోపలి నుంచి బయటికి తిరుగుతుంది, అప్పుడు మళ్లీ ఎడమ కుడి మారుతుంది. రెండుసార్లు మారితే ఏమవుతుంది? మొదటికే వస్తుంది. కమలకు ఎడమ మూడో స్థానంలో గిరి అన్నది అక్కడా నిజమే, ఇక్కడా నిజమే. పక్కన అన్నదీ అంతే, ఎదురు అన్నదీ అంతే, ఇద్దరి మధ్య ఎంత మంది ఉన్నారన్నదీ అంతే.

అంటే అర్థమేంటి? ఎడమ, కుడి, పక్కన, ఎదురు, మధ్యలో ఇంతమంది, ఇలాంటి వాక్యాలు పది ఇచ్చినా, ఇరవై ఇచ్చినా ఎవరు కార్నర్‌లో ఉన్నారో తేలదు. ఎప్పటికీ తేలదు! అది తేలాలంటే కార్నర్ అనో, సైడ్ మధ్యలో అనో, లోపలికి చూస్తున్నాడనో, బయటికి చూస్తున్నాడనో పేరు పెట్టి చెప్పే వాక్యం ఒకటి ఉండాలి. ఒక జవాబే రావాలంటే పేపర్ తయారు చేసేవాడికి అది ఇవ్వక తప్పదు. మన లెక్కలో అది ఆరో వాక్యం, అందరూ ఊరికే ఇచ్చాడనుకున్న వాక్యం.

పర్మ్యుటేషన్లు చదివినవాళ్లు ఉన్నారా? ఎనిమిది మందిని గుండ్రటి టేబుల్ చుట్టూ కూర్చోబెట్టే పద్ధతులు ఎన్ని? ఏడు ఫ్యాక్టోరియల్, 5040. మరి ఈ స్క్వేర్ టేబుల్ చుట్టూ? గుండ్రటి టేబుల్‌ని ఒక్క సీటు తిప్పినా అదే అమరిక. స్క్వేర్‌ని ఒక్క సీటు తిప్పితే కార్నర్ వాడు మిడిల్ అవుతాడు, అది వేరే అమరిక. రెండు సీట్లు తిప్పితేనే పాతది వస్తుంది. కాబట్టి ఎనిమిది రకాలుగా కాదు, నాలుగు రకాలుగానే తిప్పగలం. ఎనిమిది ఫ్యాక్టోరియల్ 40320ని 4తో భాగిస్తే 10080. సరిగ్గా రెట్టింపు. మీరు మోసుకొచ్చే రెండో బొమ్మ ఆ రెట్టింపే, ఆరో వాక్యం కొట్టేసేదీ ఆ రెట్టింపే.

అలా అని కార్నర్ అన్న మాట ఉన్న ప్రతి వాక్యాన్నీ నమ్మకండి. 'కమల, గిరిలలో ఒకరు కార్నర్‌లో, ఒకరు సైడ్ మధ్యలో ఉన్నారు.' ఇది తేలుస్తుందా? ఆలోచించండి. తేల్చదు. మొదటి బొమ్మలోనూ అంతే, రెండో బొమ్మలోనూ అంతే. ఇద్దరి రకం వేరని చెబుతుందే తప్ప ఎవరు ఏదో చెప్పదు. 'పద్మ, మధు ఒకే వైపు ఫేస్ చేస్తున్నారు', అంటే ఇద్దరూ లోపలికో, ఇద్దరూ బయటికో, ఇదీ తేల్చదు. ఒక మనిషి పేరు, ఒక రకం పేరు, రెండూ కలిసి రావాలి. గడియారం ముల్లు దిశలో అని స్పష్టంగా ఇస్తే మన మోడల్‌లో అదీ తేలుస్తుంది, ఎందుకంటే అద్దంలో గడియారం తిరగబడుతుంది కదా.

ఇప్పుడు పని ఎలా తగ్గుతుందో చూడండి. ముందు వాక్యాలన్నీ ఒకసారి చకచకా కళ్లతో చూసి ఆ వాక్యాన్ని పట్టుకోండి. అందులోని మనిషి మొదటి వాక్యాల్లోనే తగిలితే అదృష్టం, అతని దగ్గరే మొదలుపెట్టండి. చందులాగా చివర్లో తప్ప తగలకపోతే, ఎవరో ఒకరిని కార్నర్ అనుకుని ఒకే బొమ్మ పూర్తి చేయండి. చివర్లో ఆ వాక్యంతో పోల్చి చూడండి. కుదిరితే సరే. కుదరకపోతే?

ఇక్కడ చాలా మంది చెరిపేసి మళ్లీ వేస్తారు. అక్కర్లేదు! మీరు కమల మిడిల్ అనుకుని రెండో బొమ్మ వేసుకున్నారనుకుందాం. ఆరో వాక్యం దగ్గర చందు 5లో, కార్నర్‌లో కనబడ్డాడు, కుదరలేదు. ఆ బొమ్మ అలాగే ఉంచండి. పక్కన 'కార్నర్ అంటే మిడిల్' అని రాసుకోండి. ప్రశ్నల్లోకి వెళ్లండి. చందుకు ఎడమవైపు మూడో స్థానంలో ఎవరు? మీ బొమ్మలో చందు 5, కార్నర్, 5కి 3 కలిపితే 8, పద్మ. అసలు బొమ్మలో చందు 6, మిడిల్, 6లోంచి 3 తీస్తే 3, పద్మ. అదే జవాబు. పద్మకు ఎదురుగా ఎవరు? రెండింట్లోనూ మధు. గిరికి, చందుకి మధ్య, గిరి కుడివైపు నుంచి లెక్కపెడితే ఎంత మంది? రెండింట్లోనూ ఒక్కరే, తార. ఎడమ నుంచైతే ఐదుగురు. ఒకటి, ఐదు, మొత్తం ఆరు. ఎనిమిది మందిలో ఆ ఇద్దరినీ తీస్తే ఆరు కాబట్టి రెండు వైపులా కలిపి ఎప్పుడూ ఆరే రావాలి, అది చెక్ చేసుకోవడానికి పనికొస్తుంది.

ఆ నాలుగు ఒక రకం, ఒకటి వేరు, వేరుగా ఉన్నదాన్ని కనుక్కోండి అని ఇస్తారు కదా? కమల, తార, మధు, జయ, పద్మ ఇచ్చాడనుకోండి. అసలు బొమ్మలో నలుగురు కార్నర్లు, జయ ఒక్కతే మిడిల్. మీ తిరగబడ్డ బొమ్మలో నలుగురు మిడిల్స్, జయ ఒక్కతే కార్నర్. జవాబు జయే. మారేవి రెండు రకాల ప్రశ్నలే. ఒకటి, కింది వారిలో మూలల్లో ఉన్నవారెవరు, లోపలికి చూసేవారెవరు అని అడిగేది. దానికి మాత్రం మీ బొమ్మలో మిడిల్‌లో ఉన్నవాళ్ల పేర్లు పెట్టాలి. రెండోది, గడియారం ముల్లు దిశలో అని అడిగేది, దానికి మీ బొమ్మలో ఎదురు దిశలో వెళ్లాలి. అంటే ఆరో వాక్యం అసలు చూడకపోయినా మిగతా ప్రశ్నలకు మీ జవాబు తప్పు కాదు.

ఏంటి బాబూ? అందరూ లోపలికే చూస్తుంటే? మంచి ప్రశ్న. అందరూ సెంటర్ వైపే చూస్తుంటే ఎడమ అంటే అందరికీ ప్లస్. అప్పుడు అద్దం పని చేయదు, కానీ దానికంటే తేలిక. అందరినీ ఒక్క సీటు జరపండి. 1లో వాళ్లు 2కి, 2లో వాళ్లు 3కి. ఎడమలు, కుడులు, ఎదుర్లు ఏవీ మారలేదు, కార్నర్లు మాత్రం మిడిల్స్ అయ్యాయి. అంటే అక్కడా ఎడమ కుడి వాక్యాలతో కార్నర్ తేలదు, పేరు పెట్టి చెప్పే వాక్యమే కావాలి. గడియారం దిశ ఇచ్చినా అక్కడ లాభం లేదు, జరిపితే గడియారం తిరగబడదు కదా.

ఆ అమ్మాయి అడుగుతోంది, రెక్టాంగిల్ టేబుల్ ఇస్తే ఎలా అని. ఎనిమిది మందే ఉండి, నాలుగు మూలలు, నాలుగు వైపుల మధ్యలు అంటే, పొడుగు వైపు, పొట్టి వైపు అన్న మాట వాక్యాల్లో ఎక్కడా రాకపోతే దాన్ని స్క్వేర్ అనుకుని చేసేయొచ్చు. ఇప్పటిదాకా చెప్పినదంతా పని చేస్తుంది. కానీ ఆరుగురిని ఇస్తారు చూడండి, నాలుగు మూలలు, రెండు పొడుగు వైపుల మధ్యలో ఇద్దరు, పొట్టి వైపుల మధ్యలో ఎవరూ ఉండరు. అక్కడ జాగ్రత్త.

1   2   3
6   5   4

2, 5 మిడిల్స్. 1, 3, 4, 6 కార్నర్లు. 3, 4 పక్కపక్కన ఉన్నాయి, రెండూ కార్నర్లే. 6, 1 కూడా అంతే. కాబట్టి పక్కన అంటే రకం మారాలన్న నియమం ఇక్కడ లేదు. రెండో స్థానం అంటే అదే రకం అన్నదీ లేదు, 1 నుంచి గడియారం వైపు రెండో స్థానం 3, కార్నర్, 3 నుంచి రెండో స్థానం 5, మిడిల్. ఎదురు అన్న మాట కూడా చూసుకోవాలి. 1కి ఎదురు అంటే ఐమూలగా 4 అనా, టేబుల్‌కి అవతలి వైపు నేరుగా 6 అనా? ప్రశ్నలో ఐమూలగా అని ఇస్తే 4 తీసుకోండి, ఏమీ ఇవ్వకపోతే మిగతా వాక్యాలతో ఏది కుదురుతుందో చూసుకోవాలి. స్క్వేర్‌లో ఈ గొడవ రాలేదు, అక్కడ కార్నర్‌కి ఎదురు ఐమూలగానే ఉంటుంది.

కానీ ఇక్కడ ఒక లాభం ఉంది. కార్నర్లు నాలుగు, మిడిల్స్ రెండే. నలుగురినీ ఇద్దరి చోట్లలోకి మార్చలేం కాబట్టి అద్దం బొమ్మ లేదు. అందుకని ఇక్కడ ఎడమ కుడి వాక్యాలే కార్నర్‌ని పట్టించేస్తాయి. కార్నర్ వాళ్లు లోపలికి, మిడిల్ వాళ్లు బయటికి చూస్తున్నారనుకోండి. 'రవికి వెంటనే కుడిపక్కన సుధ, సుధకు వెంటనే ఎడమపక్కన రవి' అని రెండు వాక్యాల్లో తేలింది. ఒకరికి కుడి, ఇంకొకరికి ఎడమ. ఇందాక చూశాం, లోపలికొకరు బయటికొకరు చూస్తుంటే ఇద్దరికీ ఒకే వైపు రావాలి. రాలేదు కాబట్టి ఇద్దరిదీ ఒకే రకం. పక్కపక్కన ఒకే రకం ఎవరు ఉండగలరు? కార్నర్లే. కాబట్టి రవి, సుధ ఇద్దరూ ఒక పొట్టి వైపు రెండు చివర్లా ఉన్నారు. కార్నర్ అన్న మాట ఎవరూ చెప్పలేదు, మనకే తెలిసిపోయింది. రవిని 4లో, సుధను 3లో పెట్టి మొదలుపెట్టేయండి. 4 కార్నర్, లోపలికి, కుడి అంటే మైనస్, 3. సరిపోయిందా?

ఈ ఆరుగురి మోడల్‌లో రెండు లెక్కలు బోర్డు మీద రాస్తున్నాను, ఇంటికెళ్లి చేయండి. నంబర్లు వేసుకోవడం, బాణాలు వేసుకోవడం మాత్రం పేర్లకంటే ముందే.